అమ్మీ గుప్పెడు

కొలత లేని వంట ఉండదు. ఆ కొలత ఎక్కడ ఉన్నదన్నదే ప్రశ్న. మా అమ్మీ వంటకు కొలత ఆమె గుప్పిట్లోనే ఉన్నది. "అందాజ్‌గా వేయాలి బేటీ" అనడమే తప్ప, ఇంత అని ఆమె ఏనాడూ చెప్పి ఎరుగదు. హైదరాబాదులోని మా ఇంటి వంటగదిలో ముప్పై ఏళ్లుగా ఆమె ఏ కాగితం ముఖమూ చూడకుండానే వండుతున్నది.

మా ఆపా పెండ్లి చేసుకొని షార్జా వెళ్లిన పిదప ఈ అందాజుకు చిక్కు వచ్చిపడింది. బగారా బైంగన్ ఎలా చేయాలని ఆమె ఫోనులో అడిగేది. "గుప్పెడు నువ్వులు, నిమ్మకాయంత చింతపండు" అని అమ్మీ చెప్పేది. కాని ఆపా గుప్పెడు వేరు, అక్కడి నిమ్మకాయ వేరు. అమ్మీ వంటలను వ్రాసి, దూరాన ఉన్నవారు కూడా చూసుకొనేటట్లు అంతర్జాలంలో ఒక చిన్న పుటగా ఉంచాలని నేను పూనుకొన్నది అందువల్లనే. మొదటి వంటగా బగారా బైంగన్‌నే ఎంచుకొన్నాను. బఘార్ అనగా తాలింపు. తాలింపు పెట్టిన వంకాయ అన్నమాట.

"పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి, మెత్తగా నూరి" అని నేను వ్రాశాను. ఆపా దానిని చూసి వండింది. ఆ సాయంత్రమే ఫోను చేసి, "కూరంతా చేదు, ఎవరూ ముట్టలేదు" అన్నది. ఆమె గొంతులోని నొచ్చుబాటు నాకు తెలిసింది. ఆనాడు వాళ్లింటికి అతిథులు వచ్చారట.

మరునాడు అమ్మీ పక్కనే నిలబడి చూశాను. ఆమె మూడింటినీ కలిపి వేయించలేదు. పల్లీలను మధ్యరకపు మంటమీద అయిదారు నిమిషాలు వేయించి తీసింది. తరువాత కొబ్బరి కొద్దిసేపు. నువ్వులు చివర, సన్నని మంటమీద, రెండు నిమిషాలైనా లేదు. మొదటి గింజలు చిటపటమనగానే పళ్లెంలో పోసేసింది. "పొయ్యి ఆర్పినా పెనం ఆరదు. అందులోనే వదిలితే నువ్వులు మాడి చేదెక్కుతాయి" అన్నది. పల్లీలు వేగేలోపల ఆపా నువ్వులు మాడిపోయి ఉంటాయి. తప్పు ఆమెది కాదు, మూడు పనులను ఒక్క మాటలో చుట్టిపెట్టిన నా వ్రాతది.

ఆ తరువాత ఒక చిన్న త్రాసు తెచ్చాను. అమ్మీకి కోపం వచ్చింది. "నా చేతిమీద నీకు నమ్మకం లేదా?" అన్నది. అయినా ఒప్పుకొన్నది. ఆ కూర వండిన మూడు రోజులూ ఆమె గుప్పెడు తూచాను. అర కిలో వంకాయలకు నువ్వులు ఒకనాడు 31 గ్రాములు, ఒకనాడు 29, మరొకనాడు 30. పల్లీలు కూడా ప్రతిసారీ 50 గ్రాములకు అటూ ఇటూగానే ఉన్నవి. నేను నివ్వెరపోయాను. కాని చింతపండు దగ్గర మాత్రం 25, 40, 30 అని వచ్చింది. ఇక్కడ అమ్మీ చేయి తప్పిందనుకొని, అడిగాను. ఆమె నవ్వి, "నీవు నా చేయి చూశావు, నాలుక చూడలేదు. రసం పిసికి, వేలితో రుచి చూసి, చాలకుంటే మరికాస్త నానవేస్తాను. అన్ని చింతపండ్ల పులుపూ ఒకటేనా?" అన్నది.

నాకు అప్పుడు తెలిసింది. ఆమె అందాజులో రెండు రకాలున్నవి. మారనివాటికి తూకం, మారేవాటికి గుర్తు. నువ్వులకు 30 గ్రాములని వ్రాయవచ్చు. చింతపండుకు మాత్రం 30 గ్రాములు నానవేసి, సగం రసం పోసి, ఉడికిన తరువాత రుచి చూసి మిగిలినది పోయమని వ్రాయాలి. నూరిన మసాలాను నూనెలో పది నిమిషాలు వేయించమన్నా చాలదు; పచ్చివాసన పోయి, అంచుల వెంట నూనె తేలేవరకు అనాలి. ఆపా నూనె సగానికి తగ్గించి వండుతుంది గనుక ఆ గుర్తు ఆమెకు సరిగా కనిపించదు. అటువంటివారు ముద్ద గిన్నె అంచులను వదలడం చూసుకోవాలని మరొక వాక్యం చేర్చాను.

ఆపా మళ్లీ వండింది. "అమ్మీ కూర కాదు, కాని అమ్మీ ఇంటి కూరే" అన్నది. నాకు అది చాలుననిపించింది.

ఆ రాత్రి ఆ పుటను మొదటినుండి చివరిదాకా అమ్మీకి చదివి వినిపించాను. నువ్వులు పళ్లెంలో పోయమన్నచోట ఆమె తల ఊపింది. అంతా అయిన పిదప ఒక్క క్షణం ఊరకుండి, "వంకాయ తొడిమ తీయవద్దని వ్రాయలేదేమి? తొడిమ ఉంటేనే నాలుగు చీలికలూ విడిపోకుండా నిలుస్తాయి" అన్నది. ముప్పై ఏళ్లలో ఆ మాట ఆమె నాకు చెప్పనే లేదు. వెంటనే వ్రాసుకొన్నాను.