బ్యాగు కొనే ముందు తిరగేసి చూడండి



జూన్‌లో బడి తెరిచే వారం రాజమండ్రి షాపుల్లో పిల్లలు బ్యాగు మీది బొమ్మ చూస్తారు, మనం ధర చూస్తాం. నేను మూడో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. అదే బ్యాగును ఏడాది పొడవునా మెట్ల మీద, బెంచీల పక్కన, ఆటోల కొక్కేలకు వేలాడుతుండగా రోజూ చూస్తుంటాను. ఏ బ్యాగు పిల్లలను వంచేస్తుందో, ఏది ఎక్కడ తెగుతుందో చూసీ చూసీ తెలిసింది. ఈ నెల మీతో ఆ సంగతే మాట్లాడతాను.

ముందు బరువు లెక్క చూద్దాం. కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. మూడు నుంచి ఐదో తరగతి వరకు అది 1.7 నుంచి 2.5 కిలోలు. ఈ గొడవ కొత్తది కాదు. మాల్గుడి కథలు రాసిన ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో తన తొలి ప్రసంగంలోనే పిల్లల బ్యాగుల బరువు గురించి మాట్లాడారు. తర్వాత ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ చదువుల భారం మీద 1993లో నివేదిక ఇచ్చింది.

ఇప్పుడు 24 కిలోల బరువున్న మూడో తరగతి పాపను తీసుకోండి. ఆ పాప మోయదగింది 2.4 కిలోలు. ముందువైపు గట్టి ప్లాస్టిక్ బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్న బ్యాగు ఖాళీగానే 900 గ్రాములు తూగిందనుకోండి. 750 మిల్లీలీటర్ల స్టీలు బాటిల్ నిండా నీళ్లు పోస్తే, బాటిల్‌తో కలిపి దాదాపు కిలో. అంటే ఒక్క పుస్తకం పెట్టకుండానే 1.9 కిలోలు అయిపోయింది. మిగిలిన అర కిలోలో రెండు నోటుబుక్కులు కూడా సరిగ్గా పట్టవు.

అదే పాపకు 450 గ్రాముల బ్యాగు, 200 గ్రాముల తేలికపాటి బాటిల్ ఇచ్చి, నీళ్లు స్కూల్లో పట్టుకోమని చెప్పండి. క్యారేజీ చేతి సంచిలో విడిగా పెట్టండి. అప్పుడు పుస్తకాలకు 1,750 గ్రాములు మిగులుతాయి. ఐదారు పుస్తకాలు హాయిగా వస్తాయి. అందుకే షాపులో మొదట అడగాల్సింది ఖాళీ బ్యాగు ఎంత తూగుతుందని. లేబుల్ మీద లేకపోతే రెండు బ్యాగులు రెండు చేతుల్లో పట్టుకుని చూసినా తేడా తెలిసిపోతుంది.

తేలికైన బ్యాగంటే నాసిరకం అని భయపడక్కర్లేదు. మన్నిక గుడ్డలో కొంత, కుట్టులో ఎక్కువ ఉంటుంది. షాపుల్లో ఎక్కువగా దొరికేది పాలిస్టర్. దాని మీద 600డి అని రాసి ఉంటే, ఆ నూలు 9,000 మీటర్ల పొడవు 600 గ్రాములు తూగుతుందని అర్థం. అంకె పెరిగేకొద్దీ గుడ్డ మందం, బరువు రెండూ పెరుగుతాయి. చిన్న తరగతులకు 600 సరిపోతుంది. కాటన్ కాన్వాస్ గట్టిదే కానీ, మన ధవళేశ్వరం వానల్లో ఆటో బయట వేలాడితే నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. పాలిస్టర్‌లోనూ లోపలివైపు పూత ఉందో లేదో చూడండి. గోటితో గీస్తే పొట్టులా రాలే పూత ఒక్క వానాకాలం కూడా నిలవదు. పూత బాగున్నా జిప్పు పళ్ల సందుల్లోంచి నీళ్లు వెళ్తాయి కాబట్టి, జిప్పు మీద గుడ్డ మడత కప్పి ఉన్న బ్యాగు మేలు.

ఇక కుట్టు. బ్యాగు తిరగేసి లోపల చూడండి. నేను చూసినంతలో గుడ్డ మధ్యలో చిరిగిన బ్యాగులు తక్కువ. భుజం పట్టీ పైన కలిసేచోట, కింద నాడా కలిసేచోట, పైన చేతిపిడి దగ్గర తెగినవే ఎక్కువ. ఆటోవాళ్లు కొక్కేనికి తగిలించేది ఆ పిడినే కదా! ఈ మూడు చోట్లా ఒకే వరుస కుట్టు ఉంటే పక్కన పెట్టేయండి. చతురస్రంలా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేసి ఉండాలి, లేదా దగ్గరదగ్గరగా ముందుకీ వెనక్కీ కుట్టిన మందపాటి గీతలా ఉండాలి. పట్టీని ఒక చేత్తో, బ్యాగును ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా లాగండి. కుట్టు దగ్గర సూది రంధ్రాలు సాగి వెలుతురు కనిపిస్తే, పుస్తకాలు నింపాక అక్కడే తెగుతుంది. లోపల గుడ్డ అంచులు పోగులు పోకుండా టేపుతో మూసి కుట్టారో లేదో కూడా చూడండి. అంచుకు మరీ దగ్గరగా పడిన కుట్టు ఊడితే మళ్లీ కుట్టించడానికి గుడ్డే మిగలదు.

భుజం పట్టీ వెడల్పు టేపుతో కొలవండి. 3 సెంటీమీటర్ల పట్టీ బదులు 6 సెంటీమీటర్లది అయితే అదే బరువు రెట్టింపు చోటు మీద పరుచుకుని ఒత్తిడి సగమవుతుంది. చిన్న పిల్లలకు 5, 6 సెంటీమీటర్లు బాగుంటుంది. అంతకు మించితే ఇరుకు భుజాల మీంచి జారిపోతుంది. పట్టీని బొటనవేలు, చూపుడువేలి మధ్య నొక్కండి. స్పాంజి పూర్తిగా అణిగి రెండు వేళ్లూ ఒకదానికొకటి తగిలినట్టుంటే అది పేరుకే స్పాంజి. వదలగానే తిరిగి పైకి లేవాలి.

చివరిది బరువు ఎక్కడ కూర్చుంటుందన్నది. నిండు బిందెను నడుముకు ఆనించి ఎంత దూరమైనా మోస్తాం, అదే బిందెను చేతులు చాపి పట్టుకుంటే పది అడుగులు వేయలేం. వీపుకు దూరంగా వేలాడే బ్యాగుదీ అదే కథ. అది వెనక్కి లాగుతుంది, పాప మెడ ముందుకు చాచి సరిచేసుకుంటుంది. అందుకే బరువైన పుస్తకాలు వీపు పక్క అరలో, పెన్సిల్ బాక్సు లాంటివి బయటి అరలో పెట్టాలి. బ్యాగు పిల్లల వీపు కంటే వెడల్పుగా ఉండకూడదు, అడుగు భాగం నడుము కిందికి నాలుగంగుళాలు దాటి జారకూడదు. పై తరగతిలోనూ పనికొస్తుందని పెద్దది కొంటే ఈ రెండూ తప్పుతాయి. పైగా ఖాళీ ఉన్నకొద్దీ అందులోకి ఏదో ఒకటి చేరుతూనే ఉంటుంది. చక్రాల బ్యాగు ఆలోచన కూడా వద్దు. మెట్లెక్కేటప్పుడు పిల్లలకు దెబ్బలు తగులుతాయని పాలసీయే దాన్ని వద్దంది.

షాపుకు వెళ్లేటప్పుడు పాపనూ, ఒక రోజు టైంటేబుల్ పుస్తకాలనూ తీసుకెళ్లండి. నింపి, రెండు పట్టీలూ బిగించి వేసి, పక్కనుంచి చూడండి. చెవి భుజానికి సూటిగా పైన ఉంటే సరిపోయినట్టే. మెడ ముందుకొస్తే ఇంకో బ్యాగు చూడండి. ఇంట్లో ఉన్న బ్యాగుకూ ఇదే పరీక్ష. సాయంత్రం భుజం మీద ఎర్రటి చారలున్నా, చేతులు తిమ్మిరెక్కుతున్నాయన్నా ముందు పట్టీలు, బరువు చూడండి. అవి సరిచేసినా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఎంత మంచి బ్యాగైనా మోయాల్సిన పుస్తకాలను తగ్గించలేదు. ఆ పని మా వైపు ఉంది. ఒక ఆదివారం మీరు బరువు యంత్రం మీద బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి నిలబడి తేడా చూడండి. పదో వంతు దాటితే ఏ రోజు ఎంత ఉందో డైరీలో రాసి పంపండి. ఏ పుస్తకం క్లాసులోనే ఉంచొచ్చో టైంటేబుల్ ముందు పెట్టుకుని చూసి చెబుతాను.