పచ్చబడ్డ గోడ, ఉబ్బిన ఫ్లోరు

స్లాగ్ సిమెంటుతో సంపు కట్టి, సెంట్రింగ్ పలకలు విప్పిన రోజున యజమాని పక్కన ఉండకపోతే మంచిది. గోడ బూడిద రంగులో ఉండదు, నీలం మీద పచ్చ కలిపినట్టు కనిపిస్తుంది. ఉయ్యూరులో ఒక పెద్దాయన ఆ గోడను గోటితో గీకి, "ఏవయ్యా, దొంగ సిమెంటు గానీ తగలెట్టావా?" అని అడిగేశాడు. స్లాగ్‌లో కొద్దిపాటి గంధకం ఉంటుంది, గాలి తగలనంతసేపూ ఆ రంగునిస్తుంది. నాలుగు రోజులు గాలి ఆడితే పైనుంచి తెల్లబడుతూ వస్తుంది. విరిచి చూస్తే లోపల ఇంకా పచ్చగానే ఉంటుంది. నీళ్లు నిలిచే తొట్టెల్లో అయితే ఆ రంగు చాలాకాలం పోదు. బలానికీ రంగుకీ సంబంధం లేదు.

ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులో టన్ను ఇనుముకి సుమారు 300–400 కిలోల స్లాగ్ పైకి తేలుతుంది. సలసల మరిగే ఆ ద్రవం మీద జోరుగా నీళ్లు కొడితే ఇసకలాంటి గాజు రవ్వ అవుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి సిమెంటు కంపెనీలు కొనుక్కునేది దీన్నే. గుంటలో పోసి నెమ్మదిగా చల్లారనిస్తే మాత్రం అది రాయి అవుతుంది. కంకరగా వాడుకోవచ్చు గానీ సిమెంటుకి పనికిరాదు. భారత ప్రమాణం ఐఎస్ 455 ప్రకారం స్లాగ్ సిమెంటులో ఈ రవ్వ 25 నుంచి 70 శాతం దాకా ఉండొచ్చు.

మచిలీపట్నం వైపు వెళ్లేకొద్దీ నేలలో ఉప్పు పెరుగుతుంది, రొయ్యల చెరువులు సరేసరి. ఆ పునాదులకి నేను స్లాగ్ సిమెంటే అడుగుతాను, ఉప్పు లోపలికి దిగి కడ్డీని తినడం బాగా నెమ్మదిస్తుంది. చిక్కల్లా తొలి వారంలోనే. బలం ఆలస్యంగా వస్తుంది, చలికాలంలో మరీ. స్లాబు కింద పోట్లు ఎప్పుడు తీయాలో కోడ్ చెప్పే రోజులు మామూలు సిమెంటువి. మా మేస్త్రీకి పలకలు పక్క సైటుకి ఎప్పుడు పట్టుకుపోదామా అని తొందర. నేను పోట్లు ఇంకొన్నాళ్లు ఉంచమంటాను, తడి గోనెలు ఆరనివ్వను. ఎండకి వదిలేస్తే పైపొర సుద్దలా రాలుతుంది, వేలితో రాస్తే తెలిసిపోతుంది.

ఇదంతా మంచి స్లాగ్ కథ. ఉక్కు కర్మాగారంలోనే ఇంకో స్లాగ్ ఉంది, ఇనుమును ఉక్కుగా మార్చేటప్పుడు వచ్చేది. నల్లగా, మామూలు కంకరకన్నా బరువుగా ఉంటుంది. రెండింటినీ "స్టీల్ ప్లాంటు రాయి" అనే ఒక్క పేరుతో అమ్మేవాళ్లున్నారు.

మా రేగడి నేలలో ఏది కట్టాలన్నా ముందు మెరక తోలాలి. ఒక గోడౌనుకి ఎవరో చవగ్గా ఈ నల్లరాయి తోలారు. రెండో వానాకాలం దాటాక ఫ్లోరు మధ్యలో ఉబ్బింది, పగుళ్లు అక్కణ్ణించి నక్షత్రంలా నలువైపులా పాకాయి, షట్టరు కింద పట్టేసింది. నన్ను చూడమని పిలిచారు. నేల కుంగితే అంచు గోడల దగ్గర సందు కనబడుతుంది, మధ్య దిగుతుంది. ఇక్కడ అంతా తలకిందులు. రేగడి ఉబ్బిందేమోనని ముందు అనుమానించాను గానీ, పగలగొట్టి చూస్తే నల్లరాళ్ల చీలికల్లో తెల్లటి పిండి. కొన్ని రాళ్లు చేత్తో నలిపితే విడిపోయాయి.

ఆ రాయిలో కలవకుండా మిగిలిపోయిన సున్నం ఉంటుంది. తడి తగిలితే అది దాదాపు రెట్టింపు పరిమాణానికి పెరుగుతుంది. మెగ్నీషియా కూడా ఉంటే ఇంకా నిదానంగా, ఏళ్ల తరబడి ఉబ్బుతూనే ఉంటుంది. బాగుచేయడానికి దగ్గరదారి లేదు, మొత్తం తవ్వి తీసి గ్రావెల్ తోలాల్సొచ్చింది.

అలాగని ఆ రాయి దండగ కాదు. పల్చగా గుట్టలు పోసి నెలల తరబడి నీళ్లు చల్లి మాగబెట్టాలి. తర్వాత ల్యాబులో అచ్చులో దట్టించి 70 డిగ్రీల నీళ్లలో వారం ఉంచి ఎంత ఉబ్బిందో కొలవాలి. సూరత్ దగ్గర హజీరాలో 2022లో సుమారు లక్ష టన్నుల ప్రాసెస్ చేసిన ఉక్కు స్లాగ్‌తో ఆరు వరుసల రోడ్డు వేశారు, కేంద్ర రోడ్డు పరిశోధనా సంస్థ దాని వెనక ఉంది. నా మట్టుకు నేను ఉబ్బుడు రిపోర్టు చూపించని టిప్పరుని సైటులోకి రానివ్వను. రిపోర్టున్నా సరే, పైన బిగుసుకున్న ఫ్లోరు కింద మాత్రం వాడను. తారు రోడ్డయితే కాస్త సర్దుకుంటుంది, కాంక్రీటు సర్దుకోదు.

ఈమధ్య ఎర్రబురద సంగతి కూడా అడుగుతున్నారు. అది అల్యూమినా ఫ్యాక్టరీల్లో బాక్సైట్‌ని కాస్టిక్ సోడాతో వండితే మిగిలే పిప్పి. టన్ను అల్యూమినాకి ఇంచుమించు టన్ను నుంచి టన్నున్నర. మనకు దగ్గరగా ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో ఫ్యాక్టరీ ఉంది. ఇనుము ఎక్కువ కాబట్టి సిమెంటు కంపెనీలు సున్నపురాయితోపాటు కొద్ది శాతం కొలిమిలో వేసుకుంటాయి. సోడా వల్ల అంతకు మించి వేయలేరు, అందుకే వాడేదానికన్నా పోగుపడేదే ఎక్కువ. చెరువులు కట్టి నింపితే గట్టు తెగే భయం. 2010 అక్టోబరు 4న హంగరీలో అజ్కా దగ్గర అలాగే తెగి పదిమంది పోయారు, కాస్టిక్‌కి ఒళ్లు కాలినవాళ్లు ఎందరో. 2019 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని మూరిలోనూ ఎర్రబురద గట్టు జారింది. అందుకే ఇప్పుడు ప్రెస్సుల్లో నీరు పిండి, పొడిగా పేర్చే పద్ధతికి మళ్లుతున్నారు.

పొడిగా పేర్చినా అందులో క్షారం ఉండనే ఉంటుంది, వానకి కారుతుంది. అడుగున నీరు దిగని పొర పరిచి, కారిన నీటిని పట్టే కాలవలున్న చోట రోడ్డు కట్టకి వాడితే వాడుకోవచ్చు. మా ఊళ్లో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే చేలున్నాయి, కాలవ వదిలితే ఇంకా పైకొస్తాయి. ఇక్కడ మెరకకి ఎర్రబురద ఊరికే తోలతామన్నా నేను వద్దంటాను.