తోడుకోని పెరుగు

షిల్లాంగుకు బదిలీ అయిన కొత్తలో మా ఇంట్లో రెండు రాత్రులు పెరుగు తోడుకోలేదు. దుకాణంలో కొన్న యోగర్టుతోనే తోడుపెట్టాను. అయినా పొద్దున మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. పెరుగన్నం లేదని మా పాప అలిగి బడికి వెళ్ళింది.

మా సైన్సు టీచరుగారు విని నవ్వారు. "ఆ తోడులో ఇద్దరు పనివాళ్ళుంటారు మేడమ్. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్. ఇద్దరికీ సుమారు 42 డిగ్రీల వెచ్చదనం కావాలి. మీ వంటింటి చలికి వాళ్ళు ముడుచుకుపోయారు" అన్నారు.

ముందు థర్మోఫిలస్ పని మొదలుపెడుతుందట. పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తూ, బల్గారికస్ పెరగడానికి కావలసిన ఫార్మిక్ ఆమ్లాన్ని ఇస్తుంది. బదులుగా బల్గారికస్ పాల ప్రొటీన్లను చిన్న ముక్కలు చేసి థర్మోఫిలస్‌కు ఆహారం అందిస్తుంది. పులుపు పెరిగేకొద్దీ ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుని పెరుగు గడ్డకడుతుంది. థర్మోఫిలస్‌లో కొన్ని రకాలు జిగురులాంటి పదార్థాన్ని కూడా తయారుచేస్తాయి. పెరుగుకు చిక్కదనం, నునుపు రావడానికి అది కూడా తోడ్పడుతుంది. తాజా యోగర్టు వాసన మాత్రం ముఖ్యంగా బల్గారికస్ ఇచ్చే ఎసిటాల్డిహైడ్‌ది.

మూడో రాత్రి గోరువెచ్చని అర లీటరు పాలలో చెంచాడు తోడు కలిపి, గిన్నెను హాట్‌కేసులో పెట్టి దుప్పటి చుట్టాను. పది గంటల తర్వాత చూస్తే పెరుగు గట్టిగానే ఉంది కానీ నోట్లో పెట్టుకోలేనంత పులుపు, పైన నీరు తేరింది. థర్మోఫిలస్ అలసిపోయాక కూడా బల్గారికస్ పులుపును పెంచుతూనే ఉంటుందని అప్పుడు తెలిసింది. మర్నాడు ఆరు గంటలకే తీసి ఫ్రిజ్‌లో పెట్టాను.

ఆ రోజు పాప రెండోసారి వడ్డించమంది.