జ్వరం దిగిన నాడు

వానకాలం వచ్చిందంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడల మీద డెంగీ జ్వరాన్ని గురించిన ప్రకటనలు కనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి మూలం ఆంగ్లంలో ఉంటుంది. వాటిని తెలుగులోకి తెచ్చే వ్యక్తికి, కావ్యాన్ని అనువదించే వానికి లేని నిర్బంధం ఒకటి ఉంది. కావ్య పాఠకుడు అర్థం కాని వాక్యాన్ని మళ్లీ చదువుకోగలడు. జ్వరంతో మూలుగుతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకొని గోడవైపు చూసే తల్లికి ఆ తీరిక ఉండదు. ఒక్కసారి చదవగానే ఏమి చేయాలో ఆమెకు తెలియాలి.

అటువంటి ప్రకటన ఒకటి ఒక అనువాదకుని చేతికి వచ్చిందనుకోండి. ఇంటి పరిసరాలలో నీరు నిలవకుండా చూసుకోవాలన్నది మూలంలోని మొదటి సూచన. అతడు అలవాటు కొద్దీ 'మురుగునీరు నిల్వ ఉండనీయరాదు' అని రాశాడు. వాక్యం సాఫీగానే ఉంది గాని అర్థం దారి తప్పింది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ సాధారణంగా మురుగుకాలువను ఆశ్రయించదు. తొట్టిలో, డ్రమ్ములో, కూలర్‌లో, పాత టైరులో, కొబ్బరిచిప్పలో కదలక నిలిచిన తేటనీరే దానికి ఇష్టం. 'మురుగునీరు' అన్న మాట చదివిన ఇల్లాలు వీధి కాలువవైపు చూస్తుంది. పెరట్లోని నిండు తొట్టి మీదికి ఆమె చూపు పోదు.

తరువాతి సూచన నీటి పాత్రలను వారానికొకసారి ఖాళీ చేయమంటుంది. ఇక్కడా ఒక చిక్కు ఉన్నది. ఈ దోమ నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటుకొనేటట్లు గుడ్లు పెడుతుంది. నీరు పారబోసినంత మాత్రాన అవి పోవు. ఎండిన గోడ మీద నెలల తరబడి నిలిచి, మళ్లీ నీరు తగిలినప్పుడు పిల్లలవుతాయి. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికొకసారి అన్న గడువు అందుకే పెట్టారు. కనుక 'ఖాళీ చేయండి' అంటే చాలదు, 'పీచుతో గోడలు రుద్ది కడగండి' అనాలి. ఈ పనికి కేటాయించిన రోజును ఆరోగ్యశాఖవారు 'డ్రై డే' అంటారు. ఆ మాట వినగానే మద్యం దుకాణాలు మూసే రోజు గుర్తుకు వచ్చేవారూ ఉంటారు. 'తొట్లు కడిగే రోజు' అంటే ఆ గందరగోళం ఉండదు.

ఇంతవరకు జరిగిన పొరపాట్ల వల్ల దోమలు పెరుగుతాయి. ఇకమీద జరిగే పొరపాటు ప్రాణం మీదికే వస్తుంది. మూలంలో, జ్వరం తగ్గిన తరువాత 24 నుంచి 48 గంటలపాటు ప్రమాద లక్షణాలను గమనించాలని ఉంది. అనువాదకుడు దానిని యథాతథంగా తెలుగు చేశాడు. తప్పు లేదు, అయినా ఆ వాక్యం పని చేయదు. జ్వరం తగ్గిందంటే రోగం కుదిరిందని మనవారి నమ్మకం. 'జ్వరం తగ్గిన' అన్నచోటనే పాఠకుని మనసు కుదుటపడుతుంది. మిగిలిన మాటలు చెవికెక్కవు.

డెంగీ నడక వేరు. సాధారణంగా జబ్బు మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం దిగుతుంది. కొందరిలో సరిగ్గా ఆ సమయంలోనే సన్నని రక్తనాళాల గోడలనుండి రక్తంలోని ద్రవభాగం బయటికి ఊరిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, నాడి బలహీనపడుతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. సకాలంలో వైద్యం అందకపోతే రోగి కుప్పకూలుతాడు. ఒళ్లు చల్లబడిందని ఇంటివారు సంతోషించే గడియ, నిజానికి కీడు పొంచి ఉన్న గడియ కావచ్చు. ఈ సంగతి చెప్పడానికి తెలుగులో గట్టి మాట ఒకటి ఉన్నది: గండం. 'జ్వరం దిగిందని నిశ్చింతగా ఉండకండి. ఆ తరువాతి రెండు రోజులే గండం' అని రాస్తే పాఠకుడు ఆగి చూస్తాడు.

మరి ఆ రెండు రోజులలో చూడవలసినవి ఏమిటి? మూలంలోని జాబితాకు అతడు నిఘంటువు దగ్గర పెట్టుకొని 'తీవ్ర ఉదరవేదన, నిరంతర వమనములు, శ్లేష్మపొరల రక్తస్రావం, బద్ధకం, అశాంతి' అని రాసుకున్నాడు. తెలుగును మళ్లీ ఆంగ్లంలోకి మార్పించి మూలంతో సరిచూసే పద్ధతి ఒకటి ఉంది. అతడు మిత్రునిచేత ఆ పని చేయించాడు. జాబితా మూలంతో సరిపోయింది. 'బద్ధకం' అన్న మాటకు మిత్రుడు మూలంలోని ఆంగ్లపదాన్నే తిరిగి రాశాడు. ఇద్దరూ అదే నిఘంటువు చదివినవారు కదా!

అనువాదకుడు అక్కడితో ఆగలేదు. ప్రతిని తీసుకొని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాడు. వరుసలో కూర్చున్న ఒక పెద్దామెకు అక్కడి ఆశా కార్యకర్త దానిని చదివి వినిపించింది. "అర్థమైందా?" అని అడగలేదు. అలా అడిగితే అందరూ తల ఊపుతారు. "పిన్నీ! మీ మనవడికి బద్ధకంగా ఉంటే ఏం చేస్తావు?" అని అడిగింది.

"ఏం చేస్తానమ్మా? జ్వరం వచ్చి తగ్గినవాడికి బద్ధకం ఉండదా? పడుకోనిస్తాను" అన్నది ఆమె.

నిఘంటువు ప్రకారం ఒప్పయిన మాట ఆమె ఇంట్లో బిడ్డను ఆసుపత్రికి కాక పడకకు చేర్చింది. మూలం చెప్పిన స్థితి సోమరితనం కాదు, పిలిచినా సరిగా పలకని మగత. 'అశాంతి' అన్నది కూడా మనసుకు సంబంధించిన దిగులు కాదు, ఒకచోట పడుకోలేక కొట్టుమిట్టాడటం. 'నిరంతర వమనములు' అంటే ఎన్నిసార్లో ఎవరికీ తెలియదు. రోజులో మూడుసార్లు అంటే లెక్క తెలుస్తుంది. మందుల సూచనలోనూ ఇటువంటి తొందరే ఉంది. 'నొప్పి మాత్రలు వాడవద్దు' అంటే పారాసిటమాల్‌నూ మానేస్తారు. రక్తస్రావాన్ని పెంచే మాత్రల పేర్లు విడిగా చెప్పాలి.

ఇలా దిద్దగా ప్రకటన పై భాగం ఈ రూపానికి వచ్చింది:

జ్వరం దిగిందని నిశ్చింతగా ఉండకండి. ఆ తరువాతి రెండు రోజులే గండం.
వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి:
కడుపులో భరించలేని నొప్పి.
రోజులో మూడుసార్లు, అంతకు మించి వాంతులు.
ముక్కు నుండి గాని చిగుళ్ల నుండి గాని రక్తం; తారులా నల్లని విరేచనం.
పిలిచినా సరిగా పలకని మగత, లేదా ఒకచోట ఉండలేక కొట్టుకోవడం.
కాళ్లూ చేతులూ చల్లబడటం. ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం.
ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వాడకండి. జ్వరానికి వైద్యులు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే వేసుకోండి.

తొట్లు కడగడాన్ని గురించిన మాటలు మూలంలో మొదట ఉన్నా, ఇందులో కిందికి దిగాయి. ఆ పనికి వారం గడువుంది. గండానికి గంటల గడువే ఉంది. ఈ ప్రతిని కూడా ఆశా కార్యకర్త మళ్లీ వరుసలోకి తీసుకువెళ్లింది. ఈసారి మరొక తల్లిని అడిగింది. "జ్వరం దిగింది, పిల్లవాడు మగతగా ఉన్నాడు. ఏం చేస్తావమ్మా?"

"ఆటో పిలుస్తాను" అన్నది ఆ తల్లి.