పాఠం ఇంట్లో, లెక్కలు క్లాసులో: మన దుర్గాపూర్ పిల్లల నిష్పత్తి పాఠం

ఆదివారం లెక్కల క్లాసు గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాం. "పాఠం ఫోన్లో చెప్పేస్తే ఇక క్లాసులో మీరేం చేస్తారు?" అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

ఈ పద్ధతి మేము కనిపెట్టింది కాదు. 2007లో అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. వినడం ఇంట్లో ఒంటరిగా చేయొచ్చు, ఇరుక్కున్నప్పుడే పక్కన మనిషి కావాలి అన్నది దీని సారం.

మన వీడియో ఆరు నిమిషాలే. ఒక గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, అంటే 1:2. మూడు గ్లాసుల పప్పు పోస్తే రవ్వ ఎంత? పిల్లలు జవాబు నోటుబుక్కులో రాసుకుని వస్తారు. దాదాపు అందరూ ఆరు అనే రాస్తారు. అది చూసి పాఠం వచ్చేసిందనుకుంటే పొరపాటే.

క్లాసులో మేము ఇచ్చేది ఇంకో లెక్క. 1970ల్లో రాబర్ట్ కార్‌ప్లస్ అనే శాస్త్రవేత్త పిల్లల్ని అడిగిన ప్రశ్న అది. పొట్టాయన ఎత్తు బొత్తాలతో కొలిస్తే 4, పొడుగాయన ఎత్తు 6. అదే పొట్టాయనను పేపర్ క్లిప్పులతో కొలిస్తే 6 వచ్చింది. మరి పొడుగాయన ఎన్ని క్లిప్పులు?

ఇంట్లో సరిగ్గా రాసిన పిల్లల్లోనే చాలామంది ఇక్కడ 8 అంటారు. ఎలా వచ్చిందని అడిగితే, "పొడుగాయన రెండు ఎక్కువ కదా, ఆరుకి రెండు కలిపాం" అంటారు. ఇడ్లీ లెక్కలో "రెండింతలు" అని తేలిగ్గా కనబడింది. నాలుగుకి ఆరు ఒకటిన్నర రెట్లు. అది చటుక్కున కనబడదు కాబట్టి పిల్లవాడు తనకు అలవాటైన కూడికలోకి వెళ్ళిపోతాడు. ఈ తప్పును వీడియో పట్టుకోలేదు. పక్కన కూర్చుని వినేవాళ్ళే పట్టుకోగలరు.

అప్పుడు మేము జవాబు చెప్పం. "నాలుగు బొత్తాలకి ఆరు క్లిప్పులైతే, రెండు బొత్తాలకి ఎన్ని?" అని అడుగుతాం. మూడు అంటారు. "మరి పొడుగాయన దగ్గరున్న రెండు ఎక్కువ బొత్తాలకి నువ్వు రెండు క్లిప్పులే ఇచ్చావేం?" అంటే కాసేపు నిశ్శబ్దం. తర్వాత వాళ్ళే తొమ్మిది అని దిద్దుకుంటారు. ఒక్కో జట్టుకి ఈ మాటలకే పది నిమిషాలు పడుతుంది. పాఠం బోర్డు మీద చెబుతూ కూర్చుంటే ఆ పది నిమిషాలు దొరకవు. అడ్డ గుణకారం సూత్రం మొదటి వీడియోలో పెట్టకపోవడానికీ ఇదే కారణం. సూత్రంతో 9 వచ్చేస్తుంది, లోపలి కూడిక ఆలోచన అలాగే ఉండిపోతుంది.

మన ఊళ్ళో ఇంకో చిక్కుంది. మరాఠీ బడిలో నిష్పత్తిని గుణోత్తర్ అంటారు, హిందీ బడిలో అనుపాత్ అంటారు. తెలుగులో అనుపాతం అంటే రెండు నిష్పత్తులు సమానం కావడం. దాన్ని మరాఠీలో ప్రమాణ్ అనీ, హిందీలో సమానుపాత్ అనీ అంటారు. తెలుగు మీడియంలో చదివిన తాతయ్య, హిందీ మీడియం మనవడు ఒకే మాట పలికి వేర్వేరు సంగతులు అనుకుంటారు. అందుకే వీడియోలో మూడు భాషల మాటలూ పక్కపక్కనే రాసి చూపిస్తున్నాం.

ఫోను సంగతి కూడా తెలుసు. నాన్న గనిలోనో పవర్ హౌస్‌లోనో డ్యూటీలో ఉంటే ఫోను ఆయనతోనే పోతుంది. చూడకుండా వచ్చిన పిల్లల్ని మేము కోప్పడం. ఒక మూలన కూర్చోబెట్టి మా ఫోన్లో ఆ ఆరు నిమిషాలూ చూపించి జట్టులో కలుపుతాం. అంతేగానీ అందరికీ పాఠం మళ్ళీ చెప్పం. చెబితే చూసి వచ్చినవాళ్ళు కూడా వచ్చేవారం చూడరు.

అమ్మలకూ నాన్నలకూ ఒక మనవి. వీడియో చివరి ప్రశ్నకు జవాబు మీరు చెప్పకండి. తప్పు రాసినా అలాగే పంపండి. "ఎలా వచ్చింది?" అని మాత్రం అడగండి. "ఇంత ఎక్కువ" అంటే వాడు ఇంకా కూడికలో ఉన్నాడు. "ఇన్ని రెట్లు" అంటే నిష్పత్తిలోకి వచ్చాడు. ఏ మాట విన్నారో ఆదివారం మాకు చెబితే, వాణ్ణి ఏ లెక్క దగ్గర కూర్చోబెట్టాలో మాకు తెలుస్తుంది.