చెత్తబుట్ట ఎక్కడుంది బాబాయ్?

కంటితో చూసేవాళ్లకి ఫోన్లో డిలీట్ అంటే ఓ చిన్న చెత్తబుట్ట బొమ్మ. దాని మీద వేలు పెడితే పనైపోతుంది. నాలా ఫోన్ని చెవితో చదివేవాళ్లకి మాత్రం ఆ చెత్తబుట్ట ఒక్కో యాప్‌లో ఒక్కో చోట కాపురం పెడుతుంది. ఒక చోట మెసేజ్‌ని నొక్కిపట్టుకుంటేగానీ బయటికి రాదు. ఇంకోచోట పై మూలన మూడు చుక్కల వెనకాల కూర్చుంటుంది. మరోచోట అసలు బటనే ఉండదు, వరసని పక్కకి లాగాలి. లాగాలని మనకెవరు చెప్తారు? ఎవరూ చెప్పరు.

నాది రాజమండ్రి. చిన్నప్పట్నుంచీ చూపు తక్కువ. కాలేజీ రోజుల్నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లో ఉండే టాక్‌బ్యాక్‌తోనే నా పనులన్నీ. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఇది స్క్రీన్ రీడర్. వేలు పెట్టిన చోట ఏముందో పైకి చదువుతుంది. వేలితో కుడికి ఒక్క విసురు విసిరితే తరవాతది, ఎడమకి విసిరితే ముందుది చదువుతుంది. కావాల్సింది వినపడ్డాక తెర మీద ఎక్కడైనా రెండుసార్లు తడితే అది నొక్కినట్టు. అంతే, మిగతాదంతా అలవాటు.

ఈ అలవాటు ఇంకా పూర్తిగా రాని మనిషి మా బాబాయి. కడియం దగ్గర చిన్న నర్సరీ ఉంది. షుగర్ వల్ల చూపు బాగా తగ్గిపోయింది, మొన్న సంక్రాంతికే నేను టాక్‌బ్యాక్ నేర్పించాను. ఓ సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ బాబాయి కొంప ముంచారే! అల్లుడు అకౌంట్ నంబర్ అడిగాడని పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు ఫొటోలు తీసి పంపారు. అవి అల్లుడికి కాదు, నర్సరీ వాళ్ల గ్రూపుకెళ్లాయి." ఆ గ్రూపులో రెండొందల మంది పైనే ఉన్నారు. కార్డు రెండు వైపులా ఉంది, వెనకాల మూడంకెల నంబరుతో సహా.

పిన్ని ఫోన్‌లో లౌడ్‌స్పీకర్ పెట్టించాను. అప్పుడు బాబాయి ఫోన్ మాట్లాడేది నాకూ వినిపిస్తుంది. నేను ముందు చెప్పిన మాట, "బాబాయ్, మనకి టైముంది, తొందరపడకండి" అని. ఇది ధైర్యం కోసం చెప్పింది కాదు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని అందరి ఫోన్లలోంచి తీసేయడానికి ఇప్పుడు రెండు రోజుల పైచిలుకు గడువుంటుంది. 2022 ఆగస్టులో పెంచారు, అంతకు ముందు గంట పైన కొద్దిసేపే. అయితే గడువుంది కదాని చూస్తూ కూర్చోకూడదు, ఈలోపు ఎవరైనా చూసెయ్యొచ్చు, దాచుకోవచ్చు. తొందరపడకూడదని ఎందుకన్నానంటే, ఇక్కడ తప్పు బటన్ నొక్కితే పని ఇంకా చెడుతుంది. అదేంటో తరవాత చెప్తా.

మొదటి పని ఫొటో మీదకి వెళ్లడం. బాబాయి ఒక్కొక్క విసురుతో వెనక్కి వెళ్తుంటే పోస్టులన్నీ వినపడుతున్నాయి, ఎవరో బంతి నారు రేటు అడుగుతున్నారు. మూడో నాలుగో విసురుకి ఆయన పంపిన ఫొటో, పంపిన టైము చదివింది. అక్కడ ఆగాలి. ఇప్పుడు నొక్కిపట్టుకోవడం. టాక్‌బ్యాక్‌లో దీనికి రెండుసార్లు తట్టి, రెండో తట్టుకి వేలు తీయకుండా ఉంచాలి. వేలు తొందరగా తీసేస్తే ఫొటో పెద్దదై తెరుచుకుంటుంది. రెండు తట్ల మధ్య ఆలస్యమైతే అసలు ఏమీ జరగదు. బాబాయి వేళ్లు మట్టిలో పని చేసిన వేళ్లు, మొదటి మూడుసార్లూ ఫొటోనే తెరుచుకుంది. తెరుచుకున్న ప్రతిసారీ వెనక్కి రావడానికి వేలిని కిందకి లాగి ఆగకుండా ఎడమకి తిప్పమన్నాను. నాలుగోసారి చిన్న వైబ్రేషన్ వచ్చింది. "ఆఁ, పట్టుకుందమ్మా!" అన్నారు.

అసలు చిక్కు ఇక్కడే. మెసేజ్ ఎంచుకోగానే వాట్సాప్ రెండు పనులు చేస్తుంది. మెసేజ్ దగ్గరే రియాక్షన్ బొమ్మల వరస చూపిస్తుంది, తెర పైభాగాన బటన్ల పట్టీ మారుస్తుంది. డిలీట్ ఉండేది పై పట్టీలో. మా బాబాయి ఫోన్లో కుడికి విసిరితే మాత్రం వినిపించింది బొటనవేలు, గుండెకాయ, నవ్వు మొహం. అక్కడ అలవాటు కొద్దీ రెండుసార్లు తడితే, తన ఏటీఎం కార్డుకి తనే లైకు కొట్టుకున్నట్టు అవుతుంది. రెండొందల మందికీ ఇంకోసారి ఆ ఫొటో వైపు చూపించినట్టు కూడా.

అందుకే ఇలాంటి చోట విసుర్లతో వెతకొద్దు. చూపుడు వేలిని తెర పై అంచు మీద పెట్టి, తీయకుండా మెల్లగా ఎడమ నుంచి కుడికి జరపాలి. వేలు కింద ఏం వస్తే అది చదువుతుంది. మొదట "బ్యాటరీ" అనీ టైమూ వినపడితే మరీ పైకి వెళ్లినట్టు, ఓ గోరంత కిందకి దిగాలి. బాబాయి వేలు జరుపుతుంటే నాకు వరసగా వినిపించాయి. రిప్లయ్, స్టార్, Delete. "ఆపండి! వేలు తీసి రెండుసార్లు తట్టండి." ఫోన్ని బట్టి, యాప్ వెర్షన్ని బట్టి ఈ వరస మారొచ్చు, పై పట్టీ అన్నది మాత్రం మారలేదు ఇప్పటిదాకా.

ఇప్పుడు నేను ఇందాక చెప్పిన ప్రమాదం. ఓ చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో Delete for everyone, Delete for me, Cancel ఉంటాయి. మొదటిది అందరి దగ్గర్నించీ తీస్తుంది. రెండోది మన ఫోన్లోంచి మాత్రమే తీస్తుంది. అంటే ఫొటో మనకి కనపడదు, ఆ రెండొందల మందికీ అలాగే ఉంటుంది. మన దగ్గర లేని మెసేజ్‌ని ఇక ఎలా ఎంచుకుంటాం? ఇలా పొరపాటు పడేవాళ్ల కోసం 2022 డిసెంబర్లో వాట్సాప్ Undo పెట్టింది. కాకపోతే అది ఐదు సెకన్లే ఉంటుంది, తెర అడుగున. టాక్‌బ్యాక్ ఆ వాక్యం చదివి ముగించేలోపే సగం టైము అయిపోతుంది, ఇక వేలితో వెతికేదెప్పుడు? ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో Time to take action అని ఒకటుంది. ఇలా వచ్చి పోయే మెసేజ్‌లని 10 సెకన్ల నుంచి 2 నిమిషాల దాకా ఆపమని అడుగుతుంది. నేను దాన్ని 2 నిమిషాల మీదే పెట్టుకుంటాను. అన్ని యాప్‌లూ ఆ మాట వినవు, వినే యాప్‌లలో మాత్రం ప్రాణం లేచొస్తుంది.

బాబాయి చేత పెట్టెలో ఉన్నవన్నీ ఒకసారి చదివించి, మళ్లీ వెనక్కి తీసుకొచ్చి, "ఎవ్రీవన్" అనే మాట చెవిన పడ్డాకే తట్టమన్నాను. జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. అందరికీ డిలీట్ అయితే ఆ చోట మీరు ఈ మెసేజ్‌ని డిలీట్ చేశారన్న వాక్యం మిగులుతుంది. మనకి మాత్రమే డిలీట్ అయితే ఏ గుర్తూ ఉండదు, వరస కలిసిపోతుంది. శుభ్రంగా మాయమైందని సంతోషించారంటే కొంప మునిగినట్టే. బాబాయికి ఆ వాక్యం వినిపించింది. మిగతా రెండు ఫొటోలకీ మళ్లీ ఇదే తంతు. మూడోదానికి నేను నోరు తెరవాల్సిన పని రాలేదు.

బాబాయి వేళ్లకి ఆ నొక్కిపట్టడం చివరిదాకా రాకపోయి ఉంటే? గ్రూప్ అడ్మిన్ కూడా ఎవరి మెసేజైనా అందరికీ డిలీట్ చేయగలరు. ఆయనకి ఒక్క ఫోన్ కొడితే చాలు. ఇంకో మాట, వాట్సాప్‌లో డిలీట్ అయినంత మాత్రాన చూసినవాళ్ల బుర్రలోంచి పోదు, స్క్రీన్‌షాట్ తీసినవాళ్ల గ్యాలరీలోంచీ పోదు. ఐఫోన్లో ఫొటో అప్పటికే సేవ్ అయ్యుంటే అక్కడే ఉండిపోవచ్చు. అందుకే ఆ రాత్రే కార్డు బ్లాక్ చేయించాం. పిన్ని మాత్రం ఇంకా అల్లుడికి అకౌంట్ నంబర్ పంపలేదని గోల.

పక్కకి లాగితే పోయే రకం సంగతి వేరు. జీమెయిల్లో ఓ మెయిల్ మీద ఆగితే, యాక్షన్లు ఉన్నాయని టాక్‌బ్యాక్ చెప్తుంది. మూడు వేళ్లతో తెర మీద ఒక్క తట్టు తట్టండి. పాత ఫోన్ అయితే వేలిని కిందకి లాగి కుడికి తిప్పండి. టాక్‌బ్యాక్ మెనూ వస్తుంది, అందులో Actions. లాగకుండానే డిలీట్, ఆర్కైవ్ అక్కడ పేర్లతో దొరుకుతాయి. యాప్ తయారుచేసినవాళ్లు ఆ యాక్షన్ని విడిగా రాస్తేనే ఇది వస్తుంది. రాయని యాప్‌లలో రెండు వేళ్లు ఒకేసారి ఆ వరస మీద పెట్టి పక్కకి లాగి చూడండి. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉన్నప్పుడు రెండు వేళ్ల లాగుడు యాప్‌కి ఒక వేలి లాగుడులా చేరుతుంది. కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు తెర కదులుతుంది. ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ప్రాజెక్టు యాప్‌లో లాగుడు డిలీట్ పెడుతున్నారా? కింద ఇచ్చిన నాలుగు వరసలు చాలు మాకు.

```
ViewCompat.addAccessibilityAction(itemView, "Delete") { _, _ ->
    deleteItem()
    true
}
```

అమలాపురంలో నా ఫ్రెండ్‌ది ఇంకో తిప్పలు. తనకి కళ్లు బాగున్నాయి, చేతులు సహకరించవు. తను వాయిస్ యాక్సెస్‌తో ఇంగ్లిష్‌లో ఆజ్ఞలిస్తుంది. "Show numbers" అంటే తెర మీద నొక్కదగిన ప్రతిదాని పక్కనా ఒక అంకె వస్తుంది. మెసేజ్ పక్కన 14 ఉంటే "Long press 14". పై పట్టీ రాగానే "Tap delete". ఉత్తినే "Delete" అనకూడదంటుంది తను. టైపింగ్ గడిలో కర్సర్ ఉంటే, ఆ మాటని రాసిన అక్షరాలు చెరపమనే ఆజ్ఞగా తీసుకుంటుంది. అంకె రాని బొమ్మ ఉంటే "Show grid" అని తెరని గళ్లుగా కోయించి, గడి నంబర్ చెప్తుంది. బస్టాండులో మాత్రం ఈ విద్య పనిచేయదట, కండక్టర్ల కేకలే ఆజ్ఞలైపోతాయి.

అన్నిటికన్నా నన్ను విసిగించేది పేరులేని బటన్. బొమ్మ గీస్తారు, పేరు రాయరు. వేలు పెడితే "లేబుల్ లేని బటన్" అంటుంది ఫోన్. నేను వాడే పాటల యాప్ ఒకదానిలో అలాంటివి వరసగా మూడున్నాయి. ఒకటి షేర్, ఒకటి డిలీట్, ఇంకోటి ఏంటో నాకిప్పటికీ తెలీదు. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. అది బ్యాంకు కేవైసీ గురించిన కేసులో. పాటల యాప్ దాకా ఆ మాట ఎప్పుడొస్తుందో గానీ, ఈలోపు నేనే పేరు పెట్టుకున్నాను. బటన్ మీద ఆగి, మూడు వేళ్లతో తట్టి, టాక్‌బ్యాక్ మెనూలో లేబుల్ పెట్టే ఆప్షన్ ఎంచుకుని, తెలుగులో "చెత్తబుట్ట" అని టైప్ చేశాను. కొన్ని బటన్లకి ఆ ఆప్షనే రాదు, దీనికి వచ్చింది. ఆ పేరు నా ఒక్క ఫోన్లోనే ఉంటుంది, యాప్ అప్‌డేట్ అయితే పోయినా పోవచ్చు. ఇప్పటికి నాలుగుసార్లు పెట్టాను.