పాత నోట్సు, కొత్త పాఠ్యప్రణాళిక

మా మదరసాలో నాలుగవ తరగతి ఫిఖ్హ్ పాఠ్యప్రణాళిక ఈ ఏడాది మారింది. జకాత్ అధ్యాయానికి మేము ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సు రెండు లావుపాటి పుస్తకాలుగా ఉంది. అందులో ఏది పనికివస్తుంది, ఏది కొత్తగా రాయాలి అని తేల్చడానికి మేము అనుసరించిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాము. పెద్ద పిల్లల నోట్సును చిన్నవారికి అందించే తల్లిదండ్రులకు కూడా ఇది ఉపకరిస్తుంది.

మేము పోలికను కొత్త ప్రణాళిక నుంచే మొదలుపెట్టాము. పాత నోట్సు ముందు పెట్టుకుంటే ప్రతి పుటకూ ఎక్కడో ఒక చోటు దొరుకుతుంది. కొత్తగా చేరిన అంశాల ఖాళీ మాత్రం కంటికి కనిపించదు. అందుచేత కాగితానికి కుడివైపున కొత్త అంశాలను వరుసగా రాసి, ఎడమవైపున వాటికి సంబంధించిన పాత పుటల సంఖ్యలు వేశాము. తర్వాత ఒక్కొక్క అంశానికి ఎదురుగా మూడు గుర్తులలో ఒకటి పెట్టాము: ‘ఉంచాలి’, ‘సరిచేయాలి’, ‘కొత్తది’.

జకాత్ పొందే ఎనిమిది వర్గాల పాఠానికి ‘ఉంచాలి’ అని వెంటనే రాయగలిగాము. ఖుర్ఆన్‌లోని తౌబా సూరా 60వ ఆయత్ ఆధారంగా సాగే ఆ పాఠంలో ప్రశ్నలు కూడా మారలేదు.

బంగారం, వెండి నిసాబ్ పాఠం శీర్షిక కూడా అక్షరం మారలేదు. అయినా దానికి ‘సరిచేయాలి’ అని రాయవలసి వచ్చింది. పాత నోట్సులో బంగారానికి ఏడున్నర తులాలు, వెండికి యాభై రెండున్నర తులాలు అని ఉంది. ఆ లెక్క పాత తులానిది, అంటే 11.664 గ్రాములది. ఆ ప్రకారం బంగారం నిసాబ్ 87.48 గ్రాములు, వెండి నిసాబ్ 612.36 గ్రాములు. కానీ నేటి విద్యార్థి ఇంట్లోనూ, నగల దుకాణంలోనూ తులం అంటే పది గ్రాములే. అతను ఏడున్నర తులాలను 75 గ్రాములుగా లెక్కకట్టుకుంటాడు.

ఈ తేడా ఎంతటిదో ఒక ఉదాహరణతో చూద్దాము. ఒక సోదరి వద్ద ఎనిమిది తులాల, అంటే 80 గ్రాముల బంగారం ఉంది. నగదు, వెండి, వ్యాపార సరుకు ఏదీ లేదు. పాత నోట్సును నేటి తులంతో చదివితే ఆమెపై జకాత్ విధి అవుతుంది. నిజానికి నిసాబ్ పూర్తి కాలేదు. అయితే అదే సోదరి వద్ద అప్పులు, అవసరాలు పోగా కొంత నగదు కూడా మిగిలి ఉంటే, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం బంగారం విలువనూ నగదునూ కలిపి వెండి నిసాబ్ విలువతో పోల్చాలి. అప్పుడు జకాత్ తప్పదు. అందుకే తులాల స్థానంలో గ్రాములు రాసి, రూపాయల విలువ ఉన్న చోట ఖాళీ గీత ఉంచాము. ఆనాటి ధరను విద్యార్థే తెలుసుకుని పూరిస్తాడు.

ప్రావిడెంట్ ఫండ్ కొత్త ప్రణాళికలో చేరిన అంశం. ఆ మాట పాత నోట్సులో ఎక్కడా లేదు గనుక పూర్తిగా ‘కొత్తది’ అనిపిస్తుంది. కాని అప్పుల పాఠంలో దైనె జయీఫ్ అనే భాగం ఉంది. భర్త నుంచి ఇంకా అందని మహర్ దానికి ఉదాహరణ: చేతికి వచ్చేవరకు దానిపై జకాత్ లేదు. వేతనం నుంచి తప్పనిసరిగా కోత పడే సొమ్మును మన ఉపఖండపు హనఫీ ముఫ్తీలలో అనేకులు ఈ సూత్రంతోనే వివరించారు. కాబట్టి పునాది పాతదే. ఉద్యోగి స్వచ్ఛందంగా అదనంగా జమచేసుకునే సొమ్ము విషయం వేరు. దానికి ఫత్వాలు చూసి కొత్తగా రాయాలి. ఇలా ఒకే అంశం సగం పాతది, సగం కొత్తదిగా తేలింది.

చివరగా ఎదురు దిశలో మరోసారి చూశాము: ఏ కొత్త అంశానికీ చేరకుండా మిగిలిన పాత పుటలు ఏవి? ఒంటెలు, ఆవులు, మేకల నిసాబ్ పట్టికలు మిగిలాయి. పట్టికలను పక్కన పెట్టాము. కాని అదే పాఠంలో, అమ్మకం కోసం కొన్న పశువులు పశువుల లెక్కలో కాక వ్యాపార సరుకు లెక్కలోకి వస్తాయనే నియమం ఉంది. కొనేటప్పటి సంకల్పం హుకుమ్‌ను ఎలా మారుస్తుందో చెప్పే మాట అది. తిరిగి అమ్మే ఉద్దేశంతో కొన్న ఇంటి స్థలం గురించి కొత్త ప్రణాళిక అడుగుతున్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ఆ ఒక్క పుటను తీసి వ్యాపార సరుకు పాఠంలో చేర్చాము.

శీర్షికలను మాత్రమే పోల్చి ఉంటే నిసాబ్ పాఠం అలాగే మిగిలేది, పశువుల పుట పారవేయబడేది. ప్రతి అంశం కింద ఉన్న అభ్యాస ప్రశ్నను తీసుకుని, పాత నోట్సుతో దానికి సరైన జవాబు రాయగలమా అని చూడటమే మాకు దొరికిన నమ్మకమైన కొలత.